సున్నాలు ఆగిన చోటు

పాడైన డిస్కు పట్టుకుని మా షాపు మెట్లెక్కేవాళ్ళు నోరు తెరవగానే చెప్పేది అబద్ధం. "నేనేం చెయ్యలేదండీ, దానంతటదే పోయింది" అంటారు. దానంతటదే పోవడానికి అదేమన్నా పండుటాకా? ఎవరో ఒకరు ఏదో ఒకటి నొక్కి ఉంటారు. ఆ నొక్కిన వేలు ఎవరిదో చెప్పించడానికే నాకు సగం రోజు గడిచిపోతుంది. మా ఆయన ముందు గదిలో ప్రింటర్లు బాగుచేస్తాడు. "నువ్వు రికవరీ చేసేది డేటా కాదే, నిజం" అని ఎగతాళి చేస్తుంటాడు. ఆయనకేం, ప్రింటర్లు ఏడవవు.

ఆ పెద్దాయన మాత్రం అలా అనలేదు. గళ్ళ చేతిరుమాల్లో చుట్టిన హార్డ్ డిస్కు నా బల్ల మీద పెట్టి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, "నా చేత్తో నేనే చంపుకున్నాను తల్లీ" అన్నాడు.

బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాడట. మనిషి పొడుగు, భుజాలు వంగిపోయాయి. రెండు మూడు రోజులుగా గడ్డం గీసుకున్నట్టు లేదు. నేను కూర్చోమని గట్టిగా చెప్పాక కూర్చున్నాడు.

"ఇందులో ఏముందండీ?"

"మా అమ్మాయి గొంతు."

పాటల రికార్డింగులు. ఎనిమిదేళ్ళప్పటి నుంచి ఆ పిల్ల సాధన చేసిన ప్రతిరోజూ ఈయన పక్కన రికార్డరు పెట్టుకుని కూర్చునేవాడట. పొద్దున డ్యూటీ ఉంటే తెల్లారగట్లే లేపి మరీ పాడించేవాడట. ముద్దుపేరు పిట్ట. పోటీల్లో ఎక్కడికెళ్ళినా బహుమతి తెచ్చేదట. రెండేళ్ళ కిందట గొంతు పోయింది. ఆపరేషన్ చేశారు. ఇప్పుడు మాట గాలిలాగా వస్తుంది, పాట రాదు.

"డాక్టరు పాడుచేశాడు తల్లీ. అంతకుముందు కాస్త బొంగురు, అంతే. వాడు కత్తి పెట్టాక మొత్తం పోయింది" అన్నాడు. ఆ మాట చాలామందికి చెప్పి చెప్పి అరిగిపోయినట్టుంది. "రోజూ పొద్దున్నే కంప్యూటర్‌లో ఒక పాట పెట్టుకుని వింటాను. చిన్నప్పటివే వింటాను. అదొక్కటే నాకు మిగిలింది."

"మరి ఏం జరిగింది?"

సోమవారం పొద్దున ఎప్పటిలాగే డిస్కు తగిలించాడు. పాటల ఫోల్డర్లు రాలేదు. డిస్కు వాడాలంటే ముందు ఫార్మాట్ చెయ్యాలి అని తెర మీద ఒక మాట వచ్చింది. సరే అని నొక్కాడు. ఇంకో చిన్న పెట్టె తెరుచుకుంది. మొదలుపెట్టు అన్నచోట నొక్కాడు. ఉన్నవన్నీ పోతాయి, సరేనా అని మళ్ళీ అడిగింది.

"దానికీ సరే అన్నారా?"

"అది అడిగే ప్రతిదానికీ సరే అంటేనే కదమ్మా పని జరిగేది! బ్యాంకు మెషిన్ దగ్గరా అంతే, ఫోన్‌లోనూ అంతే. ఇదీ అలాంటిదే అనుకున్నాను." ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "అమ్మాయికి ఇంకా చెప్పలేదు. దాని మొహం చూడలేకపోతున్నాను. దాని గొంతు డాక్టరు సగం తీసుకుంటే మిగతా సగం నేను తీసేశాను."

నాకు కోపం ఎక్కువ గానీ మనసు లేకపోలేదు. మంచినీళ్ళ సీసా జరిపి అసలు అడగాల్సింది అడిగాను. ఆ చిన్న పెట్టెలో 'క్విక్ ఫార్మాట్' అని ఒక గడి ఉంటుంది, అందులో టిక్కు ఉంటుంది, దాన్ని ముట్టుకున్నారా?

"లేదు. ఉన్నది ఉన్నట్టే ఉంచాను."

"ఎంతసేపు పట్టింది?"

"ఎంతసేపేమిటి, గుటక వేసేలోగా అయిపోయింది. అయిపోయిందని చెప్పింది. తెరిచి చూస్తే ఖాళీ."

"ఆ తర్వాత అందులో ఇంకేమైనా కాపీ చేశారా?"

"భయమేసి తీసేశాను. మళ్ళీ తగిలించలేదు."

నేను హాయిగా వెనక్కి ఆనుకున్నాను. నవ్వాను కూడా. "బాబాయ్ గారూ, మీరు చంపలేదు. ఏమీ పోలేదు."

ఆయనకి అర్థమయ్యేలా చెప్పాను. డిస్కులో ఒకచోట పట్టిక ఉంటుంది. ఏ పాట పేరేంటి, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది అన్నది అందులో రాసి ఉంటుంది. క్విక్ ఫార్మాట్ చేసేదల్లా పాతదాని మీద కొత్త ఖాళీ పట్టిక పెట్టడం. పాటలు వాటి చోట అవి అలాగే ఉంటాయి. కంప్యూటర్‌కి దారి తెలియక ఖాళీ అంటుంది. పాత పట్టిక కూడా పూర్తిగా చెరిగిపోదు, చాలా వరకు పేర్లతో సహా వెనక్కి వస్తుంది. పైగా మీది లోపల పళ్ళెం తిరిగే పాత రకం డిస్కు. కొత్త రకం ఎస్ఎస్‌డీ అయితే క్విక్ ఫార్మాట్ చేసినా లోపల నిజంగానే ఖాళీ అయిపోవచ్చు, అప్పుడు నేనూ ఇలా నవ్వలేను.

"ఆ టిక్కు తీసేసి ఉంటే?"

"అది ఫుల్ ఫార్మాట్. డిస్కులో చిన్న చిన్న గడులుంటాయి. మొదటి గడి నుంచి చివరి గడి దాకా అన్నిటి మీదా సున్నాలు రాసుకుంటూ పోతుంది. చాలా పాత కంప్యూటర్లలో అయితే చోటు బాగుందో లేదో చదివి చూసి ఊరుకునేది. ఇప్పటివి రాస్తాయి. దాని కింద ఉన్నది దేవుడొచ్చినా తీయలేడు. ఇంత పెద్ద డిస్కుకి గంటలు పడుతుంది. మీది గుటకలో అయిపోయిందంటున్నారుగా."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "నిజంగా వస్తాయా తల్లీ?"

నేను ఎవరికీ మాటివ్వను. డిస్కు చూడకుండా మాటివ్వడం ఈ పనిలో బుద్ధితక్కువ పని. ఆ రోజు మాత్రం, "వస్తాయండీ. ఇంటికెళ్ళి అన్నం తినండి" అన్నాను.

*

మా దగ్గర కస్టమర్ డిస్కు మీద నేరుగా పనిచెయ్యం. ముందు దానికి నకలు తీస్తాం. పట్టికలు, ఖాళీలు అని చూడకుండా డిస్కులో ఉన్న ప్రతి గడినీ ఉన్నదున్నట్టు ఇంకో డిస్కులోకి దించుతాం. అసలు దాని మీద ఒక్క అక్షరం కూడా రాయనివ్వని పరికరం మధ్యలో ఉంటుంది. ఆయన డిస్కు ఆరోగ్యంగా ఉంది, ఎక్కడా ముక్కలేదు, మూలగలేదు. మర్నాడు మధ్యాహ్నానికి నకలు పూర్తయింది.

తెరిచాను. ముందు భాగంలో సోమవారం పొద్దున తేదీతో కొత్త ఖాళీ పట్టిక కనపడింది. ఆయన చెప్పినట్టే ఉంది. దాని పక్కన పాత పట్టిక మిగులు ఉండాలి.

సున్నాలు ఉన్నాయి.

ఇంకాస్త ముందుకు జరిగాను. సున్నాలు. పదోవంతు దూరం వెళ్ళాను, పావు దూరం వెళ్ళాను. తెర నిండా సున్నాలు, ఒక్క ఇతర అక్షరం లేదు. కొత్తగా కొన్న డిస్కులో వాడని చోటు కూడా ఇలాగే ఉంటుంది, అది నిజమే. కానీ ఆ డిస్కు నిండిపోవచ్చిందనీ, ఎంత నిండిందో చూపించే నీలం గీత ఎర్రగా మారిపోయిందనీ మొదటి రోజే ఆయన చెప్పాడు. పైగా పేర్ల పట్టిక ఉండేది ఈ ముందు భాగంలోనే. దాని మచ్చ కూడా లేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోన్ చేశాను.

"బాబాయ్ గారూ, నాతో నిజం చెప్పండి. ఆ టిక్కు మీరు తీసేశారు కదా?"

"లేదమ్మా!"

"గంటకి పైగా నడిచిందిది. మీరేమో గుటక అంటున్నారు. నేను పనిమానుకుని వెతుకుతున్నాను ఇక్కడ."

"నా పిట్ట మీద ఒట్టు తల్లీ. పది అంకెలు కూడా లెక్కపెట్టలేదు." "ఎందుకు? రావడం లేదా?"

మళ్ళీ చేస్తానని పెట్టేశాను. మా ఆయన గుమ్మంలోంచి తొంగిచూసి, "పెద్దమనిషిని అలా దులిపేశావేంటే" అన్నాడు. "నువ్వు నీ టోనరు దులుపుకో" అన్నాను. కానీ కూతురి మీద ఒట్టు వేసిన మనిషి అబద్ధం చెబుతున్నాడని అనిపించలేదు. మళ్ళీ తెర ముందు కూర్చుని ఇంకా ముందుకు పోయాను. సగం దాటాక, ఇంకొంత దూరం పోయాక సున్నాలు ఠక్కున ఆగిపోయాయి. ఆ అంచు తర్వాతి గడి నుంచి పాత సరుకు కిక్కిరిసి ఉంది.

అప్పుడు అర్థమైంది. క్విక్ ఫార్మాట్ ఇన్ని సున్నాలు రాయదు, రాయలేదు. ఇది ఫుల్ ఫార్మాటే. మొదటి నుంచి తుడుచుకుంటూ వచ్చి, పూర్తికాకముందే ఎవరో కేబుల్ లాగేస్తే ఇక్కడ ఆగింది. అలా మధ్యలో ఆగిన డిస్కుకి పాత పట్టికా ఉండదు, కొత్తదీ ఉండదు. మళ్ళీ తగిలిస్తే కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టలేక, ఫార్మాట్ చెయ్యాలి అని అడుగుతుంది. సోమవారం పొద్దున ఆయన్ని అడిగింది అదే. ఆయన సరే అని నొక్కేసరికి పోవాల్సినవన్నీ అప్పటికే పోయాయి.

ఆయన చెయ్యలేదు. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. భార్య పోయి చాలా ఏళ్ళయిందని మాటల్లో చెప్పాడు.

*

సున్నాల అంచు అవతల ఉన్నవాటిని వెతకమని ప్రోగ్రాం పెట్టాను. పేర్లు రావు, పేర్లు ఉన్న పట్టిక చెరిగిపోయింది. కానీ ప్రతి ఆడియో ఫైలు మొదట్లో ఒకే రకం గుర్తు ఉంటుంది, తన పొడవెంతో కూడా అక్కడే రాసుకుంటుంది. ఆ గుర్తు పట్టుకుని, ముక్కలవకుండా ఒకేచోట పడి ఉన్న ఫైళ్ళని ప్రోగ్రాం బయటికి తీస్తుంది. పేరు బదులు ఒక అంకె తగిలిస్తుంది. సాయంత్రానికి వందల కొద్దీ వచ్చాయి.

సరిగ్గా వచ్చాయో లేదో తెలియాలంటే వినాలి. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను.

పెద్దపిల్ల గొంతు. తీయగానే ఉంది, కానీ అడుగున జీర. పైస్థాయికి వెళ్ళినప్పుడల్లా గొంతు చీలి గాలి వస్తోంది. ఇంకోటి విన్నాను, ఇంకా బొంగురు. ఇంకోటి. ఏళ్ళ తరబడి ఏదీ చెరపకుండా నింపుకుంటూ వచ్చిన డిస్కులో పాతవి ఎక్కువగా ముందు వైపు పడతాయి, కొత్తవి వెనక వైపు. మొదటి నుంచి వచ్చిన సున్నాలు ఎనిమిదేళ్ళ పిల్లనీ, పన్నెండేళ్ళ పిల్లనీ, బహుమతులు తెచ్చిన గొంతునీ మింగేశాయి. చివరి ఏడాది మాత్రం మిగిలింది.

పాట ఆగినప్పుడల్లా ఆయన మాట వినపడేది.

"బావుంది పిట్టా. ఆ పైది ఇంకోసారి."

"నాన్నా, మండుతోంది."

"వారంలో పోటీ పెట్టుకుని మండుతోందంటే ఎలా? నీళ్ళు తాగు. ఒక్కసారి."

ఆ పిల్ల దగ్గింది. మళ్ళీ పాడింది.

ఇంకో ఫైల్లో ఆ పిల్లే అడిగింది: "డాక్టరు పది రోజులు మాట్లాడొద్దన్నారు కదా నాన్నా."

"మాట్లాడొద్దన్నాడు, పాడొద్దన్లేదుగా" అని ఆయన నవ్వాడు. మంచి మనిషి నవ్వే. ఆ పిల్ల కూడా నవ్వింది. తర్వాత పాడింది.

చివరి వాటిలో ఒకదాంట్లో పై స్వరం అందుకోబోయి గొంతు పుటుక్కున తెగింది. పాట లేదు, మాట లేదు. కుర్చీ జరిగిన చప్పుడు. "పిట్టా? ఏమైంది పిట్టా?" తర్వాత రికార్డరు ఆపడం మర్చిపోయినట్టున్నారు, ఇంట్లో అడుగుల చప్పుడు, కుళాయి చప్పుడు చాలాసేపు వినపడింది.

నేను హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి అలా కూర్చుండిపోయాను. డాక్టరు పాడుచేశాడట! మొదట ఆయన మీద పట్టరానంత కోపం వచ్చింది. ఆ కోపం నిలవలేదు. ఆయన ప్రతిరోజూ చిన్నప్పటివే ఎందుకు వింటాడో, వీటి జోలికి ఎందుకు రాడో ఆయనకే తెలియదేమో. తెలిసినా తెలియనట్టు ఉండిపోయాడేమో.

*

మర్నాడు పొద్దున ఒక అమ్మాయి వచ్చింది. మెడకి పలచటి స్కార్ఫు. చేతిలో మా షాపు కార్డు.

"నాన్న చొక్కా జేబులో ఉంది" అంది. గుసగుస. వినాలంటే ముందుకి వంగాలి. "డిస్కు ఇక్కడ ఇచ్చారా అక్కా?"

నేను లేచి గది తలుపు వేశాను. "ఇచ్చారు. నువ్వు ఫుల్ ఫార్మాట్ పెట్టి మధ్యలో లాగేసిన డిస్కేగా?"

ఆ పిల్ల మొహం తెల్లబోయింది. కాదనలేదు.

"నీ పాట, నీ ఇష్టం. చెరిపేసుకో, ఎవరొద్దన్నారు? ఆ పెద్దాయనకి చెప్పి ఏడవొచ్చు కదా! అన్నం మానేశాడు తెలుసా? తనే చెరిపేశాననుకుంటున్నాడు."

"నాన్నా? నాన్నెలా..."

చెప్పాను. సోమవారం పొద్దున్న తెర మీద ఏం వచ్చిందో, ఆయన దేనికి సరే అన్నాడో, ఆ క్విక్ ఫార్మాట్‌తో ఒక్క పాట కూడా ఎందుకు పోదో అన్నీ చెప్పాను. ఆ పిల్ల వింటూ వింటూ కుర్చీలో కూలబడింది.

"నామీద కోపంతో మాట్లాడట్లేదనుకున్నాను" అంది. "చూసి, తెలిసిపోయి, మాట్లాడట్లేదనుకున్నాను."

"ఎందుకు చేశావమ్మా?"

"ఏమైనా దొరికాయా?" అంది.

"అంచు అవతలివి దొరికాయి. చివరివి."

"చివరివా?" ఆ గాలి గొంతు ఒక్కసారి పెద్దదవబోయి విరిగిపోయింది. "చివరివి మిగిలాయా? మొదటివి కాదా?"

"ఫుల్ ఫార్మాట్ మొదటి నుంచే తుడుచుకుంటూ పోతుంది. నువ్వు ఆపేసరికి మంచివన్నీ పోయి అవే మిగిలాయి."

ఏడుపు కూడా సరిగ్గా రాని మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు. నోరు తెరుచుకుంది, భుజాలు ఎగిరాయి, చప్పుడు మాత్రం లేదు. నేను ఆ పిల్ల వీపు మీద చెయ్యి వేసి ఊరుకున్నాను. అడగాల్సింది ఇంకేమీ కనపడలేదు. ఆ పిల్లే చెప్పింది.

"అవి నాన్న వినకూడదని చేశానక్కా. ఈమధ్య ఒకరోజు 'ఆ చివరి ఏడాదివి ఎలా ఉన్నాయో విననే లేదు, ఒక్కొక్కటే వింటాను' అన్నారు. నాకు చెమటలు పట్టాయి. వింటే తెలిసిపోతుంది కదా. డాక్టరు కాదని తెలిసిపోతుంది."

"అవొక్కటే డిలీట్ చెయ్యొచ్చుగా?"

"అవొక్కటే పోతే ఎందుకు పోయాయని వెతుకుతారు. డిలీట్ చేసినవి వెనక్కొస్తాయిట. క్విక్ ఫార్మాట్ చేసినా వస్తాయిట, చదివాను. మీలాంటి వాళ్ళ దగ్గరికి తెస్తారని తెలుసు." కళ్ళు తుడుచుకుంది. "అన్నీ పోతే డిస్కు పాడైపోయింది అనేస్తాను అనుకున్నాను. నా మంచి గొంతు కూడా పోతుందని తెలుసు. పోనీలే, నాన్న ఉంటే చాలు అనుకున్నాను. ఆయన బజారుకెళ్ళినప్పుడు పెట్టాను. తొందరగా వచ్చేశారు. మెట్ల మీద చెప్పుల చప్పుడు విని లాగేశాను. రేపు మిగతాది చేద్దాంలే అని సొరుగులో పెట్టాను. పొద్దున్న లేచేసరికి సొరుగులో లేదు."

"మీ నాన్న మీద నీకు కోపం లేదా?"

"చాలా ఉంది" అంది వెంటనే. "ఉంటే? నేనూ వద్దనలేదుగా గట్టిగా. నాకూ బహుమతి కావాలనే ఉండేది. తప్పంతా ఆయనొక్కరే మొయ్యాలా?"

నాకు తెలిసిన ఉపాయం చెప్పాను. "ఆయన మాటలు కత్తిరించేస్తాను. పాటలు మాత్రం ఇస్తాను. ఏదో ఒకటి మిగులుతుంది ఆయనకి."

తల అడ్డంగా ఊపింది. "పాటలోనే వినపడుతుందక్కా. ఆయన చెవి మామూలు చెవి కాదు. ఆ గొంతు ఎక్కడ చిరుగుతోందో, చిరుగుతున్నా పాడించింది ఎవరో, రెండు పాటలు వింటే చాలు." నా చెయ్యి పట్టుకుంది. "చెరిపెయ్యండి. మీ దగ్గరున్నదీ, డిస్కులో మిగిలిందీ. ఈసారి మొత్తం."

"డిస్కు తెచ్చింది ఆయన. ఆయన్ని అడక్కుండా నేను ఒక్క అక్షరం చెరపను" అన్నాను. "ఆయన తనే చెరిపేశానని కుమిలిపోతుంటే ఇంకో అబద్ధం చెప్పమంటావా? నావల్ల కాదు. ఆయన తప్పేం లేదని చెప్పి తీరతాను."

"చెప్పండి. నేనే చేశానని చెప్పండి. ఎందుకు చేశానన్నది మాత్రం చెప్పొద్దు."

నేను ఆయనకి ఫోన్ చేసి రమ్మన్నాను.

*

ఆయన పరుగులాంటి నడకతో వచ్చాడు. కూతుర్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నీకు చెప్పేశారా పిట్టా? నేనే... కావాలని కాదు..."

"మీరు కాదండీ" అన్నాను. "మీ ఫార్మాట్ వల్ల ఏమీ పోలేదు. అంతకుముందే ఫుల్ ఫార్మాట్ నడిచింది. అందుకే సోమవారం అది మిమ్మల్ని ఆ మాట అడిగింది. మీరు నొక్కినా నొక్కకపోయినా ఒకటే."

"నేను కాదా?"

"కాదు."

ఆయన మొహంలో ఏమైందో నేను చూశాను. ఒక్క క్షణం, పసిపిల్లాడి మీద నుంచి దెబ్బ తప్పిపోయినట్టు, అంత తేలికపడింది. భుజాలు నిలబడ్డాయి. ఆ అమ్మాయి కూడా చూసింది. ఆ క్షణం కోసమే కాచుకున్నట్టు వెంటనే అనేసింది.

"నేను చేశాను నాన్నా."

"నువ్వా? ఎందుకు?"

"రోజూ పొద్దున్నే మీరు అవి వింటుంటే భరించలేకపోయాను."

అంత చిన్న గొంతుతో అంత పెద్ద అబద్ధం. ఆయన కాసేపు అర్థంకానట్టు చూశాడు. తర్వాత కోపం వచ్చింది. కోపం రావడానికి కూడా బలం వచ్చింది ఆయనకి, రెండు రోజుల కిందట అది లేదు.

"నా ప్రాణమంతా అందులో పెట్టుకున్నానని తెలిసి చేశావా? నాకోసం ఒక్కటి, ఒక్క పాట ఉంచలేకపోయావా?" నావైపు తిరిగాడు. "మీరు చెప్పండి తల్లీ. ఏమీ దొరకలేదా? ఎంత పాడైనా పర్లేదు. ఒక్కటి."

నా బల్ల కింద నకలు ఉంది. అందులో ఆయన కూతురు వందల సార్లు పాడింది. అవి ఆయనవి. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నా వృత్తి, నా గొప్ప, నా పొగరు. ఆ అమ్మాయి నావైపు చూడలేదు. నేల చూస్తోంది. గొంతు దగ్గర స్కార్ఫుని రెండు వేళ్ళతో పట్టుకుని ఉంది.

"లేదండీ" అన్నాను. "ఏమీ దొరకలేదు. మొత్తం సున్నాలే."

ఆయన తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. తర్వాత ఆ డిస్కు ఇచ్చెయ్యమన్నాడు, ఖాళీదైనా సరే, ఇంట్లో ఉంటుంది. శుభ్రం చేసి రేపిస్తానన్నాను. ఆయన ముందు వెళ్ళాడు. ఆ అమ్మాయి వెనక వెళ్ళింది.

తలుపు వేసుకుని ఫార్మాట్ పెట్టె తెరిచాను, రెండిటికీ, అసలుదానికీ నకలుకీ. క్విక్ పక్కన టిక్కు తీసేశాను. ఉన్నవన్నీ పోతాయి, సరేనా అని అడిగింది. సరే అన్నాను. ఆకుపచ్చ గీత చీమలా కదులుతుంటే కదలకుండా కూర్చున్నాను. మా ఆయన అన్నానికి పిలిస్తే, ఆకలి లేదన్నాను. ఏమైందని లోపలికి వచ్చి, నా మొహం చూసి, ఏ జోకూ వెయ్యకుండా వెళ్ళిపోయాడు. అయిపోయాక మొదటి నుంచి చివరిదాకా వెతికాను. ఎక్కడా ఏ గుర్తూ లేదు. అప్పుడు ఏడ్చాను. చేసింది తప్పో ఒప్పో ఇప్పటికీ నాకు తెలియదు.

మర్నాడు ఆయన వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. ఉతికిన చొక్కా.

"రాత్రి కడుపునిండా తిన్నాను తల్లీ" అన్నాడు, కాస్త సిగ్గుపడుతూ. "నేను కాదని తెలిశాక గుండెల మీద బరువు దిగిపోయింది." డిస్కుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ముందు ముందు ఏదైనా కొత్త మెషిన్ వస్తే, ఇందులోంచి తియ్యొచ్చా?"

"రాదండీ. సున్నాల కింద ఏమీ మిగలదు."

"ఊఁ." రుమాల్లో చుట్టుకున్నాడు. "దానితో మాట్లాడ్డం మానేశాను. ఎంత మనసులేని పిల్లో చూశారుగా."

ఆయన మెట్లు దిగాక కిటికీ దగ్గరికి వెళ్ళాను. కింద రోడ్డు మీద ఆ అమ్మాయి స్కూటర్ స్టార్ట్ చేసి పట్టుకుని నిలబడి ఉంది. ఆయన ఆ బండి పక్కనుంచే, చూడనట్టే, నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ అమ్మాయి నోరు కదిలింది. రెండుసార్లు కదిలింది. బండ్ల హోరులో ఆయన వెనక్కి తిరగలేదు. ఆమె బండి ఆపేసి, దాన్ని తోసుకుంటూ ఆయన వెనకాలే నడిచింది. పిలిస్తే వినపడేంత గొంతు ఆమెకి లేదు.